బేకరీ బోర్డు మీద ఏ అక్షరం? – ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఈ రోజు చిన్న దుకాణాల లోగోల గురించి మాట్లాడుకుందాం. అక్షరాల రూపకల్పన తెలిసిన నిపుణురాలు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండి.

శ్రోత (తెనాలి): నమస్తే మేడమ్. మా వీధిలోనే బేకరీ పెడుతున్నామండి. ఫ్లెక్స్ షాపతను పేరు ఇంగ్లీషులో రెండు రకాలుగా రాసిచ్చాడు. ఒకదాంట్లో అక్షరాలకి పైనా కిందా చిన్న చిన్న గీతలున్నాయి, చాలా సన్నగా, అందంగా ఉంది. రెండోది గీతలేమీ లేకుండా నున్నగా ఉంది. ఏది తీసుకోమంటారు?

నిపుణురాలు: గీతలున్నది సెరిఫ్, లేనిది శాన్స్ సెరిఫ్. ముందు ఒకటి చెప్పండి, మీ దగ్గర ఎక్కువగా అమ్మేదేంటి?

శ్రోత: పొద్దున బ్రెడ్డు, సాయంత్రం పఫ్‌లు, బన్నులు. పుట్టినరోజు కేకులు ఆర్డర్ మీద చేస్తామండి.

నిపుణురాలు: అయితే ఆ సన్న సెరిఫ్ మీకు పనికిరాదు. దాన్ని చూడగానే మనకి గుర్తొచ్చేది నగల షాపు, బొటిక్, ఖరీదైన పెళ్లి కార్డు. పది, పదిహేను రూపాయల పఫ్ కోసం వచ్చేవాళ్లు బోర్డు చూసి ‘ఇక్కడ రేట్లు ఎక్కువేమో’ అనుకుని ముందుకెళ్లిపోతారు.

యాంకర్: అక్షరం చూసి అంత అనుకుంటారా?

నిపుణురాలు: ఆ భావం అక్షరంలో పుట్టుకతో ఉండదండి, వాడకం వల్ల అంటుకుంటుంది. సెరిఫ్ చాలా పాతది. రోమ్‌లో క్రీ.శ. 113 నాటి ట్రేజన్ స్తంభం మీద చెక్కిన అక్షరాలకే ఆ చిన్న గీతలు, అంటే పాదాలు ఉన్నాయి. తర్వాత పుస్తకాలు, పత్రికలు, సర్టిఫికెట్లు వాటితోనే వచ్చాయి కాబట్టి పాతకాలం, నమ్మకం, చేతిపని అన్న భావం కలుగుతుంది. పాదాల్లేని అక్షరం అచ్చుకి వచ్చింది 1816లో, లండన్‌లో అచ్చు అక్షరాలు పోతపోసే కాస్లన్ ఫౌండ్రీ నుంచి. దాన్ని మనం రోడ్డు బోర్డుల మీద, ఫోన్ యాప్‌లలో, మందుల షాపుల మీద చూస్తుంటాం. అందుకే శుభ్రంగా, సూటిగా, కొత్తగా అనిపిస్తుంది. కాస్త బిగుసుకుపోయినట్టు కూడా ఉంటుందనుకోండి.

శ్రోత: అయితే నున్నగా ఉన్నదే తీసుకోమంటారా?

నిపుణురాలు: ఆగండి, సెరిఫ్‌లోనే మీకు సరిపోయేది ఇంకొకటుంది. మీవాడు చూపించింది బొడోనీ తరహా. అందులో నిలువు గీత లావు, అడ్డగీత వెంట్రుకవాసి. సెరిఫ్‌లన్నీ అలా ఉండవు. లావుకీ సన్నానికీ తేడా తక్కువగా, పాదం నిలువు గీతలోకి మెత్తగా వంపు తిరిగి కలిసే రకం ఉంటుంది. 1922లో అమెరికాలో ఆస్వాల్డ్ కూపర్ గీసిన కూపర్ బ్లాక్ తీసుకోండి. మూలలన్నీ గుండ్రం, పొంగిన బన్నులా ఉంటుంది. పాతకాలపు ఛాయ ఉంది, బెదిరించదు. వీధి బేకరీకి నా మొదటి ఓటు ఈ జాతికే.

యాంకర్: సన్నదానితో చూపుకే కాక వేరే ఇబ్బంది కూడా ఉందా?

నిపుణురాలు: అసలు గొడవ అక్కడే. బోర్డు ఎంత పెడుతున్నారు?

శ్రోత: పదడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. యాక్రిలిక్ అక్షరాలు, లోపల ఎల్‌ఈడీ.

నిపుణురాలు: బోర్డుల లెక్కలో పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం ఉంటే హాయిగా చదవొచ్చు. వంద అడుగుల దూరంలో బండి మీద వచ్చేవాళ్లకి కనబడాలంటే పది అంగుళాలు కావాలి. బొడోనీ తరహాలో పది అంగుళాల అక్షరానికి సన్న గీత సుమారు ఐదు మిల్లీమీటర్లే వస్తుంది. అందులో ఎల్‌ఈడీ మాడ్యూల్ పట్టదు. రాత్రి లావు గీతలే వెలుగుతాయి. క్యాపిటల్ ఏ మధ్యలో అడ్డగీత, ఈ చేతులు మాయమై, దూరానికి బేకరీ అన్న మాట నాలుగైదు నిలువు కర్రల్లా మిగులుతుంది. అదే పేరు బ్రౌన్ పేపర్ కవరు మీద సెంటీమీటరు ఎత్తున వేస్తే ఆ గీత 0.2 మిల్లీమీటర్లు. ఆ కాగితం సిరా పీల్చుకుంటుంది కాబట్టి కొన్నిచోట్ల తెగుతుంది, కొన్నిచోట్ల అలుక్కుంటుంది. ముదురు రంగు మీద తెల్లగా వేస్తే చుట్టూ ఉన్న సిరా గీతని మింగేస్తుంది.

శ్రోత: మరి ఆ లావు సెరిఫ్‌తో ఏ ఇబ్బందీ లేదా?

నిపుణురాలు: ఉంది. చిన్న బడి ఏ, ఈ కడుపులో ఖాళీ బాగా తక్కువ. చిన్న సైజులో సిరా నిండి నల్లచుక్కలైపోతాయి. కాబట్టి కవరుకీ స్టాంపుకీ వేరే ప్రతి చేయించుకోండి, అక్షరాల మధ్య ఎడం కొంచెం పెంచి, కడుపులు కాస్త తెరిపించి. డబ్బు కట్టే ముందు పేరుని రెండు సెంటీమీటర్ల వెడల్పున, ఉత్త నలుపులో మామూలు కాగితం మీద ప్రింట్ తీయించండి. చేయి చాపి పట్టుకుని చదవండి. ఏ అక్షరం దగ్గర కన్ను ఆగితే దాన్ని సరిచేయించండి.

యాంకర్: కరీంనగర్ నుంచి కాల్.

శ్రోత (కరీంనగర్): మేడమ్, మా బోర్డు మీద తెలుగే పెద్దగ ఉండాలె. తెలుగుల గూడ సెరిఫ్ ఉంటదని డిజైనర్ అంటున్నడు. తలకట్టే సెరిఫ్ అట, నిజమేనా?

నిపుణురాలు: కాదండి. సెరిఫ్ తీసేసినా ఇంగ్లీషు అక్షరం అదే అక్షరం. తలకట్టు తీసేస్తే ‘క’ అన్నది ‘క’గా మిగలదు. ఫాంట్ల పేర్లలో సెరిఫ్ అని ఉంటుంది, నోటో సెరిఫ్ తెలుగు అని. అక్కడ అర్థం గీతలో లావు, సన్నం తేడా ఉందని. అందుకని ఇంగ్లీషుకి జత చూసేటప్పుడు పాదాలు వెతకకండి, గీత మందం, గుండ్రదనం కలుస్తున్నాయా చూడండి. కూపర్ బ్లాక్ లాంటిదాని పక్కన రామభద్ర అనే తెలుగు ఫాంటో, బాలూ తమ్ముడు అనే ఫాంట్‌లో లావు రకమో పెట్టి చూడండి. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, లోగోకి వాడుకోవచ్చు.

శ్రోత: సైజు ఇంగ్లీషుది, తెలుగుది ఒక్కటే పెట్టాల్నా?

నిపుణురాలు: ఒకే నంబరు పెడితే తెలుగు చిన్నగా కనబడుతుంది. పైన గుడికి, కింద వత్తుకి చోటు వదలాలి కదా. 20 శాతం పెంచి మొదలుపెట్టి కంటితో సరిచూసుకోండి. ‘బేకరీ’కి వత్తు లేదు, ఇంగ్లీషుని కిందనే దగ్గరగా పెట్టొచ్చు. పక్కన ‘స్వీట్స్’ చేరిందో, వత్తులు కింది వరుసలోకి దిగుతాయి. అప్పుడు వరుసల మధ్య ఎడం పెంచాలి కానీ వత్తుని నొక్కేయకూడదు. చాలా బోర్డుల మీద ఆ పనే చేస్తారు.

యాంకర్: చివరి కాల్, హైదరాబాద్ నుంచి.

శ్రోత (హైదరాబాద్): నేను ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తానండి, షాపు లేదు. నాకూ లావు అక్షరాలేనా?

నిపుణురాలు: మీకు అక్కర్లేదమ్మా. బోర్డు లేదు, ఎల్‌ఈడీ లేదు, ఖరీదైన కేకులు. సన్న సెరిఫ్ మీ కార్డు మీదా, డబ్బా మీదా బాగా నప్పుతుంది. వాట్సాప్ డీపీలో మాత్రం పేరంతా ఇరికించకండి, మొదటి అక్షరం ఒక్కటే పెద్దగా పెట్టండి.

శ్రోత: ఫోన్ యాప్‌లో గుండ్రటి శాన్స్‌తో ఒకటి చేసుకున్నానండి, గులాబీ రంగులో.

నిపుణురాలు: ఆ రెండూ కలిస్తే ప్లేస్కూలో, పిల్లల బట్టల షాపో అనిపిస్తుంది. ఆ అక్షరమే ఉంచుకోవాలంటే రంగు మార్చండి, ముదురు గోధుమో, నలుపో. ఇంకోటి, ఇది మీ అందరికీ: ప్రింటింగ్‌కి ఇచ్చేముందు అక్షరాలని కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మగా మార్పించిన ఫైలు అడిగి తీసుకోండి. లేకపోతే ఆ ఫాంట్ లేని మెషీన్‌లో తెరిచినప్పుడు వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది, తెలుగైతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. మార్చాక ఒక్కో వత్తూ మీరే చూసుకోండి, ప్రెస్సులో తెలుగు చదివి సరిచూసేవాళ్లు ఉంటారన్న భరోసా లేదు.