మైన్‌క్రాఫ్ట్, రోబ్లాక్స్ ఆడే పిల్లలకు మొదటి ల్యాప్‌టాప్: ర్యామ్ ఎంత అని కాదు, ఎన్ని స్టిక్‌లు అని అడగండి

నమస్కారం. "పిల్లాడు మైన్‌క్రాఫ్ట్, రోబ్లాక్స్ ఆడతాడు, గేమింగ్ ల్యాప్‌టాపే కొనాలా?" అని అడిగితే షాపుల్లో చాలాసార్లు అవుననే అంటారు. ఈ మాట వింటే నాకు చాలా బాధగా ఉంటుంది. ఈ రెండు ఆటలకీ విడి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ సరిపోతుంది, కానీ దానికి ఒక షరతు ఉంది.

ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు. ప్రాసెసర్ వాడే ర్యామ్‌నే అదీ వాడుకుంటుంది. ర్యామ్ ఊరనుకోండి, ఊళ్లోకి వంతెన ఒక్కటే. స్టిక్ అంటే స్లాట్‌లో పెట్టే ర్యామ్ పలక. 8 జీబీ స్టిక్ ఒక్కటే ఉంటే అది ఒక్క బండి పట్టే వంతెన. ప్రాసెసర్ బండి వెళ్తుంటే గ్రాఫిక్స్ బండి ఆగాలి. ఆట కుదుపులతో నడిచేది అందుకే. పక్కన ఇంకో 8 జీబీ స్టిక్ వేస్తే వంతెన రెండు వరసలవుతుంది. 16 జీబీ ఒకే స్టిక్‌గా తీసుకుంటే ఊరు పెద్దదవుతుంది, వంతెన మాత్రం అదే!

(స్క్రీన్: టాస్క్ మేనేజర్)

షాపులో Ctrl + Shift + Esc నొక్కి, Performance, అందులో Memory చూడండి. ఉదాహరణకి కోర్ ఐ3-1215యూ ఉన్న ల్యాప్‌టాప్, 8 జీబీ, కింద "Slots used: 1 of 2" అని ఉందనుకోండి. నేనైతే అదే తీసుకుంటాను. అదే రకం, అదే వేగం 8 జీబీ స్టిక్ వేయించుకుంటే చాలు. Form factor దగ్గర "Row of chips" అని ఉంటే మాత్రం ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసినట్టు. అప్పుడు ఖాళీ స్లాట్ ఉందో లేదో అడిగాకే డబ్బు కట్టండి. సెలెరాన్ ప్రాసెసర్ ఉన్నవి, 64 జీబీ ఈఎంఎంసీ అనే నెమ్మది రకం స్టోరేజీ ఉన్నవి ఎంత చవకైనా వద్దు. వాటికి వంతెన వెడల్పు చేసినా లాభం లేదు, బండే నెమ్మది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. పిల్లలు ఆడటంతో ఆగరు, సొంత ఆట తయారు చేస్తామంటారు. అందుకు వాడే రోబ్లాక్స్ స్టూడియో విండోస్‌లో, మ్యాక్‌లో మాత్రమే నడుస్తుంది. క్రోమ్‌బుక్‌లో, ట్యాబ్‌లో ఆడుకోవచ్చు గానీ తయారు చేయలేరు. మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లనే ఒప్పుకునే "S mode"లో విండోస్ ఉంటే స్టూడియో ఇన్‌స్టాల్ కాదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఉచితంగానే అందులోంచి బయటికి రావచ్చు, మళ్లీ వెనక్కి మాత్రం వెళ్లలేరు.

ఇంటికొచ్చాక మైన్‌క్రాఫ్ట్ ఇంకా ఆగుతుంటే ఎంత దూరం వరకు గీయాలో చెప్పే Render Distance 12 నుంచి 8కి తగ్గించండి. చుట్టూ 625 చంక్‌లు, అంటే ఆట ప్రపంచపు ముక్కలు, గీయాల్సిన చోట 289తో సరిపోతుంది. ఒక్కో చంక్ 16 బ్లాకుల పొడవు, 16 బ్లాకుల వెడల్పు ఉంటుంది కాబట్టి పిల్లాడు కట్టే ఇల్లు అప్పటికీ పూర్తిగా కనిపిస్తుంది.