టకటకమంటున్న కారు ఏం చెబుతోంది?

శ్రోతలకు నమస్కారం.

పొద్దున్నే హడావుడిగా కారెక్కి తాళం తిప్పుతారు. ఇంజిన్ లేవదు. బానెట్ కింద నుంచి టకటకటకమని చప్పుడొస్తుంది, ఎదురుగా మీటర్ల లైట్లు మినుకుమినుకుమంటాయి. బ్యాటరీ దిగిపోయిందని అందరికీ అర్థమవుతుంది. పక్కింటి వాళ్ల కారు తెచ్చి, రెండు కేబుళ్లు తగిలించి, ఆ కారు బలంతో దీన్ని లేపుతారు. దీన్నే జంప్ స్టార్ట్ అంటాం. ఒక్కోసారి అన్నీ సరిగ్గా తగిలించినా కారు లేవదు. ఎందుకు లేవదో చెప్పడానికి, మా బావగారి కారు దగ్గర నేను పడ్డ తిప్పలే మీకు చెబుతాను.

ఆయన ఫోన్ చేసి, "రాత్రి లోపలి లైటు ఆర్పడం మర్చిపోయాను, బ్యాటరీ అయిపోయింది, కేబుళ్లు తీసుకుని రావోయ్" అన్నారు. వెళ్లాను. ఆ లైటు మాట విన్నప్పుడే నాకు ఒక అనుమానం రావాల్సింది, రాలేదు. దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

ముందు బానెట్ ఎత్తి బ్యాటరీని చూశాను. ఉబ్బినా, పగిలినా, యాసిడ్ కారుతున్నా, లోపల గడ్డకట్టినా దాని జోలికి పోకూడదు. ఇది బాగానే కనబడింది. రెండు బ్యాటరీలూ 12 వోల్టులవేనా అని చూసుకోవాలి. లారీలకు చాలావాటికి 24 వోల్టులుంటాయి, వాటి నుంచి కారుకు కరెంటు ఇస్తే కారులోని ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి. హైబ్రిడ్ కారయితే దాని పుస్తకం చదవకుండా చెయ్యి పెట్టకండి. నా కారును దగ్గరగా ఆపాను కానీ, రెండు కార్లూ ఒకదానికొకటి తగలకుండా చూశాను. రెండింటికీ హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్, లైట్లు, ఏసీ అన్నీ ఆపేశాం. చేతి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాను. ఉంగరం గానీ వాచీ గొలుసు గానీ ప్లస్‌కూ బాడీకీ మధ్య పడితే క్షణంలో ఎర్రగా కాలి చర్మానికి అంటుకుంటుంది.

ఇప్పుడు కేబుళ్ల వరస. మొదటి ఎర్ర క్లిప్పు పడిపోయిన బ్యాటరీ ప్లస్‌కు. ఎర్ర కేబుల్ రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. తర్వాత నల్ల క్లిప్పు మంచి బ్యాటరీ మైనస్‌కు. చివరి నల్ల క్లిప్పు మాత్రం పడిపోయిన బ్యాటరీ మైనస్‌కు కాదు, ఆ కారు ఇంజిన్ మీద, బ్యాటరీకి దూరంగా ఉన్న రంగులేని గట్టి ఇనప భాగానికి.

ఈ వరసను బట్టీ పట్టే కంటే, ఎందుకలా అని తెలిస్తే మర్చిపోరు. కారులో బ్యాటరీ మైనస్ బాడీకే కలిసి ఉంటుంది. అంటే కారు ఇనుమంతా మైనసే. ఎర్ర కేబుల్ ఒక కొస బ్యాటరీకి తగిలించి రెండో కొస చేతిలో పట్టుకున్నప్పుడు, అది ఆ కారు బాడీకి తగిలితే షార్ట్ అవుతుంది. అందుకే బలం లేని బ్యాటరీతో మొదలుపెడతాం, పొరపాటు జరిగినా మెరుపు చిన్నదవుతుంది. నల్ల కేబుల్‌ను ముందే రెండు కార్లకూ కలిపేస్తే, ఎర్ర క్లిప్పు ఏ కారు బాడీకి తగిలినా షార్టే. కార్లు ఒకదానికొకటి తగలకూడదన్నదీ ఇందుకే. రెండు బాడీలూ ఆనుకుని ఉంటే, మీకు తెలియకుండానే నల్ల కేబుల్ పని జరిగిపోయినట్టు.

ఇక చివరి క్లిప్పు సంగతి. సర్క్యూట్ పూర్తయ్యేది దానితోనే, కాబట్టి నిప్పురవ్వ వచ్చేదీ అక్కడే. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, చిన్న రవ్వకు అంటుకుంటుంది. ఆ పేలుడుకు బ్యాటరీ పైకప్పు ఎగిరి, యాసిడ్ మొహం మీద పడిన సంఘటనలున్నాయి. అందుకే ఆ రవ్వను బ్యాటరీకి దూరంగా, ఇంజిన్ మీదే రానివ్వాలి. నేనయితే కళ్లద్దాలు లేకుండా ఈ పని చెయ్యను. పక్కన సిగరెట్ వెలిగించిన మనిషి ఉంటే, ముందు ఆయన్ని పంపించి పని మొదలుపెడతాను. ఎవరేమనుకున్నా సరే.

ఎరుపు, నలుపు తారుమారైతే నష్టం చాలా ఎక్కువ. ఫ్యూజులు ఎగిరిపోవచ్చు, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో డయోడ్లు కాలిపోవచ్చు. కొన్ని బ్యాటరీల మీద మురికి పట్టి ప్లస్ గుర్తు కనబడదు. గుడ్డతో తుడిచి గుర్తు చూశాకే తగిలించండి. వైరు రంగు చూసి ఊహించకండి, ముందు పని చేసినవాళ్లు ఏ వైరు వేశారో మనకు తెలియదు. బ్యాటరీ డిక్కీలో ఉండే కార్లకు బానెట్ కింద విడిగా జంప్ పాయింట్లు ఉంటాయి, వాటినే వాడాలి.

సరే, అన్నీ ఇలాగే తగిలించాను. నా ఇంజిన్ స్టార్ట్ చేసి, వెంటనే బావగారిని తాళం తిప్పమన్నాను. మళ్లీ టకటకటక.

ఆ చప్పుడేమిటో చెబుతాను. ఇంజిన్‌ను తిప్పే మోటారును మనం సెల్ఫ్ అంటాం. దానికి కరెంటు అందించే స్విచ్ ఒక ఇనప కడ్డీ. తాళం తిప్పగానే అది అయస్కాంతంలా లాక్కుని సెల్ఫ్‌కు కరెంటిస్తుంది. సెల్ఫ్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగేసరికి వోల్టేజ్ పడిపోతుంది, కడ్డీ వదిలేస్తుంది. వదిలేయగానే వోల్టేజ్ లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఇది సెకనుకు చాలాసార్లు జరిగితే అదే టకటక. అంటే కరెంటు వస్తోంది గానీ చాలినంత రావడం లేదు.

చాలినంత అంటే ఎంత? చిన్న పెట్రోల్ కారు సెల్ఫ్ 150 ఆంపియర్ల దాకా లాగుతుంది, డీజిల్‌ది ఇంకా ఎక్కువ. అంత కరెంటు సన్నని కేబుల్‌లో నుంచి రావాలి. మంచి రాగి కేబుల్ 16 చదరపు మిల్లీమీటర్ల మందం, మూడేసి మీటర్ల పొడవు ఉంటే, ఎర్రదీ నల్లదీ కలిపి దారిలో పోయేది 1 వోల్టు. అదే 4 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ అయితే దారిలోనే 4 వోల్టులు పోతాయి. సెల్ఫ్ దగ్గరకు చేరేసరికి 8, 9 వోల్టులే మిగులుతాయి, ఆ మాత్రానికి అది లేవదు. చవక కేబుళ్లలో పైన రబ్బరు బొటనవేలంత లావుగా ఉంటుంది, లోపల చూస్తే నాలుగు పోగులు. నా కేబుళ్లు అలాంటివి కావు, బరువు చూసి కొన్నవి. అయినా కారు లేవలేదు కదా.

అప్పుడు నల్ల క్లిప్పు దగ్గరకెళ్లి చూశాను. చివరి క్లిప్పును నేను తగిలించింది ఒక నల్లని బ్రాకెట్‌కు. అది నల్లగా ఉన్నది రంగు వేసినందుకు! ఆ రంగు పొర మీద క్లిప్పు పళ్లు పెద్దగా దిగలేదు. ఇంతకు ముందు మీకు రంగులేని ఇనుము అని గట్టిగా చెప్పింది అందుకే. ఇంజిన్ మీద మెరుస్తున్న బోల్టు వెతికి దానికి పట్టించాను. ప్లస్ టెర్మినల్ మీద తెల్లని ఉప్పులాంటి పొడి పట్టి ఉంది. అది కూడా కరెంటుకు అడ్డమే. అక్కడ క్లిప్పును అటూ ఇటూ తిప్పి కొరికించాను.

ఇంకో తప్పు కూడా చేశాను, తొందరపడటం. కేబుల్ తగిలించగానే సెల్ఫ్ కొట్టకూడదు. మంచి కారు ఇంజిన్‌ను మామూలు కంటే కాస్త ఎక్కువ వేగంతో 5 నుంచి 10 నిమిషాలు నడవనివ్వాలి. ఆ సమయంలో పడిపోయిన బ్యాటరీ కొంత ఛార్జ్ తీసుకుంటుంది. తర్వాత సెల్ఫ్ తిరిగేటప్పుడు అది కూడా ఒక చెయ్యి వేస్తుంది, భారమంతా కేబుళ్ల మీద పడదు. ఈసారి పది నిమిషాలు ఆగి తిప్పమన్నాను. కారు లేచింది. ఒక్కోసారి రెండు మూడు ప్రయత్నాలు కావాలి. అప్పుడు ఏకధాటిగా 10 సెకన్లు మించి సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో ఓ నిమిషం ఆగండి, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలుతుంది.

కేబుళ్లు తీసేటప్పుడు వరస వెనక నుంచి. ముందు ఇంజిన్ మీది నల్లది, తర్వాత మంచి బ్యాటరీ నల్లది, ఆపైన దాని ఎర్రది, ఆఖరున రెండో కారు ఎర్రది. క్లిప్పులు ఒకదానికొకటి తగలనివ్వకండి. తిరుగుతున్న ఫ్యాను, బెల్టుల్లో కేబుల్ పడకుండా కూడా చూసుకోండి.

బావగారి కారులో ఇది సరిపోయింది. టకటక కాకుండా ఇంకోలా జరిగితే సంగతి వేరు. సెల్ఫ్ బాగా చురుగ్గా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోకపోతే బ్యాటరీ తప్పు కాదు, పెట్రోలు గానీ స్పార్కు గానీ తాళంలోని చిప్ గానీ చూడాలి. హెడ్‌లైట్లు వెలుగు తగ్గకుండా ఒక్కటే టక్కుమని ఊరుకుంటే సెల్ఫ్ మీద అనుమానం. లేచిన కారు కేబుళ్లు తీయగానే ఆగిపోతే ఆల్టర్నేటర్ ఛార్జ్ ఇవ్వడం లేదేమో. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మల్టీమీటర్ పెడితే సాధారణంగా 13.5 నుంచి 14.7 వోల్టుల మధ్య చూపాలి. బావగారి కారుకు 14.2 చూపింది. ఆల్టర్నేటర్ బాగానే ఉందన్నమాట.

ఒక గంటసేపు కారు తిప్పి రమ్మని పంపించాను. రెండు రోజులకు మళ్లీ ఫోన్. "ఈసారి లైటు ఆర్పానోయ్, అయినా అదే చప్పుడు."

ఇప్పుడు ఆ లోపలి లైటు లెక్క చూద్దాం. అది 5 వాట్ల బల్బు, లాగేది 0.4 ఆంపియర్లు. పది గంటలు వెలిగినా 4 ఆంపియర్-అవర్లు. ఆయన బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది. మంచి బ్యాటరీ అయితే ఆ లైటుకు అందులో ఎనిమిదో వంతు కూడా తగ్గదు, ఉదయం మామూలుగానే లేస్తుంది. హెడ్‌లైట్లు మర్చిపోతే వేరు. రెండు 55 వాట్ల బల్బులు కలిపి 9 ఆంపియర్లు లాగుతాయి, నాలుగు గంటల్లో ఆ బ్యాటరీ ఖాళీ. ఒక్క లోపలి లైటుకు బ్యాటరీ పడిపోయిందంటే దానిలో అప్పటికే సత్తువ లేదు.

వెళ్లి మీటర్ పెట్టాను. నిండుగా ఉన్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపాలి. ఇది 10.4 చూపింది. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుంటాయి, ఒక్కో గదికి 2.1 వోల్టులు. ఒక గది చచ్చిపోతే మిగిలేవి 10.5. ఇలాంటి బ్యాటరీకి కేబుల్ పెడితే అది ఛార్జ్ నిలుపుకోదు. మొన్న లేచింది కేబుల్ నుంచి వచ్చిన బలంతోనే.

ఆయన అప్పటికే నా కేబుళ్ల కోసం డిక్కీ తెరుస్తున్నారు. "వాటిని లోపలే ఉంచండి బావగారూ, కొత్త బ్యాటరీ వేయించుకోండి" అన్నాను. ఆయన పాత బ్యాటరీ మీద ముద్రించిన తేదీ చూసి, వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆరో వేలు దగ్గర ఆగారు.