ఉగ్గు పెడితే రాత్రంతా పడుకుంటాడా?

శ్రోతలకు నమస్కారం.

మూడో నెలలో రాత్రికి ఒక్కసారి లేచి, పాలు తాగి పడుకున్న పిల్లాడు నాలుగో నెల రాగానే పదింటికి, ఒంటిగంటకు, మూడింటికి లేస్తుంటాడు. తల్లికి నిద్ర ఉండదు. అప్పుడు ఇంట్లో పెద్దావిడ అంటుంది: "నీ పాలు వాడికి చాలట్లేదమ్మా. పడుకోబెట్టే ముందు కాస్త రాగి జావ పట్టు, తెల్లారేదాకా కదలడు." మా ఇంట్లో ఈ మాట మా అమ్మే అంది. కడుపు నిండితే మనకూ కళ్లు మూతలు పడతాయి కాబట్టి, వినగానే నిజమే అనిపిస్తుంది.

ఇది ఎంతవరకు నిజమో ఇంగ్లాండు, వేల్స్‌ పిల్లల మీద ఒకసారి గట్టిగానే చూశారు. తల్లిపాలు మాత్రమే తాగుతున్న 1,303 మంది మూడు నెలల పిల్లల్ని తీసుకుని, లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు అప్పటి నుంచే ఘనాహారం మొదలుపెట్టమన్నారు, రెండో గుంపును ఆరు నెలల వరకు ఆగమన్నారు. అసలు ఉద్దేశం ఆహార అలర్జీల సంగతి తేల్చడం. నిద్ర గురించి కూడా తల్లుల్ని అడుగుతూ వచ్చారు. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి.

ముందుగా తిండి మొదలుపెట్టిన పిల్లలు కాస్త ఎక్కువే పడుకున్నారు, కాదనలేం. తేడా బాగా కనిపించింది ఆరో నెలలో. అప్పుడు కూడా రాత్రికి సుమారు 17 నిమిషాలే. ఆరు నెలల వరకు ఆగిన గుంపులో రాత్రికి సగటున 2.01 మెలకువలైతే, ముందు తిన్న గుంపులో 1.74. అంటే దాదాపు నాలుగు రాత్రులకు ఒక మెలకువ తగ్గిందన్నమాట. పైగా ఏ గుంపులో ఉన్నారో తల్లులకు తెలుసు, నిద్ర లెక్క చెప్పిందీ వాళ్లే. తిండి పెట్టాం కదా, బాగానే పడుకుని ఉంటాడులే అనుకునే అవకాశం ఉంది. "తెల్లారేదాకా కదలడు" అన్న మాట మాత్రం ఈ లెక్కలో ఎక్కడా లేదు.

ఇక మన జావ దగ్గరికి వద్దాం. ఒక పెద్ద చెంచాడు రాగిపిండి, అంటే సుమారు 10 గ్రాములు, గ్లాసుడు నీళ్లలో కాస్తే వచ్చే శక్తి 30 కేలరీలకు కాస్త పైన. అదే గ్లాసుడు తల్లిపాలలో 130 దాకా ఉంటుంది. పల్చటి జావతో బిడ్డ కడుపు ఉబ్బుతుంది కానీ, అందులో ఉన్నది పాలలో నాలుగో వంతే. జావ తాగిన మేరకు పాలు తక్కువ తాగుతాడు. తాగడం తగ్గితే తల్లికి పాలు పడటమూ తగ్గుతుంది. నిజంగా ఆకలితోనే లేస్తున్న బిడ్డకైతే ఈ వైద్యం తిరగబడుతుంది. ఆ జావను పాలసీసాలో పోసి పట్టడం ఇంకా ప్రమాదం, గొంతుకు అడ్డం పడొచ్చు.

అయితే చాలా ఇళ్లలో "మాకు పనిచేసింది" అంటారు కదా? నాలుగో నెలలో బిడ్డ నిద్ర తీరే మారుతుంది. పెద్దవాళ్లలాగే గాఢనిద్ర, కలతనిద్ర విడివిడిగా వస్తూ పోతూ ఉంటాయి, ఒక విడత ముగిసినప్పుడల్లా కళ్లు తెరుస్తాడు. కొన్ని వారాలకు చాలామందిలో అది దానంతట అదే సర్దుకుంటుంది. జావ మొదలుపెట్టిందీ సరిగ్గా ఆ రోజుల్లోనే కాబట్టి పేరు జావకు వస్తుంది. కొందరిలో ఎన్నాళ్లకూ సర్దుకోదు, అదీ మామూలే. కెనడాలో ఆరు నెలల పిల్లల్ని గమనిస్తే, నూటికి 38 మంది వరుసగా ఆరు గంటలు పడుకోవడం లేదు. ఏడాది పిల్లల్లోనూ 28 మంది అంతే.

ఆరు నెలలు నిండాక తిండి పెట్టాల్సిందే, కానీ నిద్ర కోసం కాదు. అప్పటికి పుట్టుకతో వచ్చిన ఐరన్ నిల్వలు తగ్గిపోతాయి, తల్లిపాలలో ఉండేది చాలదు. ఆసరాతో కూర్చుని మెడ నిలబెడుతున్నాడా, నోట్లో పెట్టింది నాలుకతో బయటికి నెట్టేయడం మానాడా చూసుకుని మొదలుపెట్టండి. పప్పన్నం మెత్తగా మెదిపి, కాస్త నెయ్యి వేసి, మొదట్లో పూటకు రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడు సార్లు చాలు. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. మా అమ్మ ఉగ్గుగిన్నె నేను దాచే ఉంచాను, ఆరు నెలలు నిండాక అదే తీశాం. అయినా మా వాడు రాత్రికి రెండుసార్లు లేస్తూనే ఉన్నాడు.

రాత్రి లేస్తున్న బిడ్డకు పాలు చాలుతున్నాయో లేదో తెలుసుకోవాలంటే పగలు చూడాలి. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తున్నాడా, అంగన్‌వాడీ కార్డులో బరువు గీత పైకి వెళ్తోందా, మేలుకున్నప్పుడు హుషారుగా ఉంటున్నాడా? ఇవి బాగుంటే పాలు చాలుతున్నట్టే. వీటిలో ఏది తేడాగా ఉన్నా, జావ గిన్నె పక్కన పెట్టి పిల్లల డాక్టరుకు చూపించండి.