పెదవాల్తేరులో అమ్మమ్మ ఫోను, పుణెలో మనవరాలు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ భాగాన్ని విశాఖపట్నంలోనే రికార్డు చేస్తున్నాం. ఈరోజు మనతో ఉన్న అతిథి పుణెలో ఉద్యోగం చేస్తూ, ఇక్కడ పెదవాల్తేరులో ఒంటరిగా ఉంటున్న తమ అమ్మమ్మగారి ఫోనును దూరం నుంచే సరిచేస్తూ వస్తున్నారు. సెలవులకు ఇంటికి వచ్చారని తెలిసి పిలిచాను. నేరుగా విషయంలోకి వెళదామండీ. ఈమధ్య వచ్చిన ఇబ్బంది ఏమిటో చెప్పండి.

అతిథి: నమస్కారమండీ. ఒకరోజు రాత్రి అమ్మమ్మ ఫోన్ చేసి, "అమ్మాయీ, నా ఫోనులో ఎవరో చీరలు అమ్ముతున్నారే, ఎంత మూసినా పోవడం లేదు" అంది. మొదట నేను ఏదో వీడియో మధ్యలో వచ్చే ప్రకటన అనుకున్నాను. తీరా అడిగితే, ఏ యాప్ తెరవకుండా ఫోను ఊరికే చేతిలో పట్టుకున్నా తెర నిండా ప్రకటన వచ్చి పడుతోందని తెలిసింది. ఆటలోనో వార్తల యాప్‌లోనో ప్రకటన వస్తే అది ఆ యాప్ వ్యవహారం. ఖాళీ హోమ్ స్క్రీన్ మీద వచ్చిందంటే మాత్రం, వెనక దాగి ఉన్న మరో యాప్ దాన్ని పంపుతోందన్నమాట. అది ఏ యాప్ అన్నది మాటల్లో అడిగి తెలుసుకోవడం కష్టం, తెర కనిపించాల్సిందే.

వ్యాఖ్యాత: మరి తెర చూడటానికి ఏం వాడారు? దూరం నుంచి ఫోనును నడిపించే యాప్‌లు ఉన్నాయి కదా.

అతిథి: ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను. నేను ముందుగా వాడేది వాట్సాప్ వీడియో కాల్‌లోని స్క్రీన్ షేరింగే. 2023 నుంచి అది వాట్సాప్‌లో ఉంది, కొత్తగా ఏదీ దించుకోనక్కరలేదు. దానిలో నాకు తెర కనిపిస్తుందే తప్ప, నేను దేన్నీ నొక్కలేను. చాలామంది దాన్ని లోపంగా చూస్తారు, నేను మాత్రం మేలే అంటాను. నొక్కే వేలు అమ్మమ్మదే కాబట్టి, ఏం జరుగుతోందో ఆమెకు తెలుస్తూనే ఉంటుంది.

వ్యాఖ్యాత: ఆ వయసువారి చేత స్క్రీన్ షేర్ మొదలుపెట్టించడమే పెద్ద పని కదండీ?

అతిథి: అక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. వీడియో కాల్ కలిశాక, కింది వరుసలో స్క్రీన్ షేర్ గుర్తు ఉంటుంది, కొన్ని వెర్షన్లలో అది మూడు చుక్కల వెనక ఉంటుంది. దాన్ని నొక్కగానే, తెర మీద కనిపించేదంతా అవతలివారికి కనిపిస్తుందని హెచ్చరించే పెట్టె ఒకటి వస్తుంది. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ పెట్టెలోనే ఒక చిక్కు ఉంది. "ఒక యాప్ మాత్రమే", "మొత్తం తెర" అనే అర్థంలో రెండు ఎంపికలు ఉంటాయి, చాలా ఫోన్లలో మొదటిదే ముందుగా ఎంచుకుని ఉంటుంది. దాన్ని మార్చకుండా ముందుకు వెళితే ఆ ఒక్క యాప్ తప్ప మరేదీ నాకు కనిపించదు, అమ్మమ్మ సెట్టింగ్స్‌లోకి వెళ్లినా నా తెర కదలదు. నెట్ బాగాలేదేమో అనుకుని మేము ఒకసారి పావుగంట పోగొట్టుకున్నాం. ఆమె మాట స్పష్టంగా వినిపిస్తూ చిత్రం మాత్రం కదలకుండా ఉంటే, ముందుగా అనుమానించాల్సింది ఈ ఎంపికనే. షేరింగ్ ఆపించి, "మొత్తం తెర" ఎంచుకోమని మళ్లీ మొదలుపెట్టించాలి.

వ్యాఖ్యాత: వాట్సాప్‌లోంచి బయటకు వస్తే కాల్ తెగిపోతుందని పెద్దవాళ్లు భయపడతారు కదా?

అతిథి: మా అమ్మమ్మకూ అదే భయం. అందుకే ముందే స్పీకర్ పెట్టించి, "హోమ్ బటన్ నొక్కినా నేను మాట్లాడుతూనే ఉంటాను" అని చెప్పి, ఒకసారి నొక్కించి నా మాట వినిపించాను. ఇంకొక విషయం ఉందండీ. ఆమె ఫోను తెలుగులో ఉంటుంది, నాది ఇంగ్లీషులో ఉంటుంది. నేను "Apps" అంటే ఆమెకు అది "యాప్‌లు" అని కనిపిస్తుంది. తెర కనిపిస్తున్నప్పుడు మాత్రం అక్కడ ఉన్న పదాన్నే చదివి వినిపించగలుగుతాను.

వ్యాఖ్యాత: ఆవిడ వేలు ఎక్కడ పడుతోందో మీకు ఎలా తెలుస్తుంది?

అతిథి: మామూలుగా తెలియదు. "నొక్కానే, ఏమీ కాలేదు" అంటుంది. నిజంగా నొక్కిందో, పక్కన తగిలిందో, ఎక్కువసేపు ఒత్తి పట్టుకుందో ఇక్కడ నాకు అర్థం కాదు. దీనికి ఆండ్రాయిడ్‌లో ఒక చక్కని ఉపాయం ఉంది. సెట్టింగ్స్‌లో ఫోను వివరాలు ఉండేచోట Build number అనే వరుసను 7 సార్లు తడితే Developer options తెరుచుకుంటాయి. అందులో Show taps అనేదాన్ని ఆన్ చేస్తే, వేలు తగిలినచోటల్లా తెల్లటి చుక్క కనిపిస్తుంది. స్క్రీన్ షేర్‌లో ఆ చుక్క నాకూ కనిపిస్తుంది. ఆరోజు ఆ చుక్కను చూశాకే, అమ్మమ్మ ప్రతి బటన్‌నూ తట్టకుండా ఒత్తి పట్టుకుంటోందని తెలిసింది. "కుంకుమ బొట్టు పెట్టినట్టు తాకి వదిలేయి" అన్నాను, ఆ తర్వాత పని చకచకా సాగింది. అయితే పని పూర్తి కాగానే Developer options ఆఫ్ చేయించడం మరువకూడదు, ఎందుకంటే అవి ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు.

వ్యాఖ్యాత: సరే, చీరల ప్రకటన సంగతికి వద్దాం. దొంగను ఎలా పట్టుకున్నారు?

అతిథి: ప్రకటన వచ్చేదాకా ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాం. అది రాగానే దాని మూలన ఉన్న ఇంటూ గుర్తును నొక్కవద్దని ముందే చెప్పి ఉంచాను, చాలాసార్లు ఆ గుర్తు కూడా ప్రకటనలో భాగమే అయి ఉంటుంది. దాన్ని ముట్టుకోకుండా, ఇటీవల తెరిచిన యాప్‌లను చూపించే చదరపు బటన్ నొక్కించాను. ఆ బటన్ లేని ఫోన్లలో కింది నుంచి పైకి జరిపి పట్టుకోవాలి. అప్పుడు ఆ ప్రకటన ఒక కార్డులా కనిపిస్తుంది, దాని పైన అది ఏ యాప్‌కు చెందినదో బొమ్మ ఉంటుంది. మా ఫోనులో అది దేవుడి బొమ్మల వాల్‌పేపర్ యాప్ అని తేలింది. ఆ బొమ్మను నొక్కి App info లోకి వెళ్లి, అన్‌ఇన్‌స్టాల్ చేయించాను.

వ్యాఖ్యాత: కొన్నిసార్లు ఆ అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయదు కదండీ?

అతిథి: అవును, బటన్ వెలిసిపోయినట్టు కనిపిస్తే ఆ యాప్ డివైస్ అడ్మిన్ అధికారం తీసుకుందేమో చూడాలి. సెట్టింగ్స్‌లో పైన వెతికే పెట్టెలో device admin అని కొట్టించి, అక్కడ దాని అధికారం తీసేస్తే బటన్ మళ్లీ పనిచేస్తుంది. కార్డు మీద పేరు, బొమ్మ ఏవీ లేకుండా దాక్కునే యాప్‌లూ ఉంటాయి. వాటికోసం Display over other apps అనే అనుమతి ఎవరెవరికి ఉందో ఆ జాబితా తెరిపిస్తాను. అందులో ఫోన్ కాల్స్‌కు సంబంధించినవి, వాట్సాప్ వంటివి ఉండటం సహజం. ఒక టార్చ్ యాప్‌కో, క్లీనర్ యాప్‌కో ఆ అనుమతి ఎందుకని అడగాలి. సేఫ్ మోడ్ గురించి కూడా చాలామంది చెబుతారు. అందులో మనం దించుకున్న యాప్‌లేవీ నడవవు కాబట్టి వాట్సాప్ కూడా నడవదు, తెర చూసే వీలు పోతుంది. దూరం నుంచి చేసేవాళ్లకు అది చివరి మార్గం, అప్పుడు మామూలు ఫోన్ కాల్‌లో మాటలతోనే నడిపించాలి.

వ్యాఖ్యాత: మీరే నొక్కగలిగే యాప్‌ల సంగతి తర్వాత చెబుతానన్నారు.

అతిథి: ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ క్విక్‌సపోర్ట్ వంటివి అవి. చూపు బాగా మందగించినవారికో, చెయ్యి వణికేవారికో అవి అవసరం కావచ్చు, కాదనను. అయితే ఆండ్రాయిడ్‌లో అవతలివారు నొక్కాలంటే ఆ యాప్‌కు యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వాలి. ఫోనులో అన్నింటికంటే బలమైన అనుమతుల్లో అది ఒకటి, తెర మీది అక్షరాలు చదవడానికీ, మనిషి బదులు తానే నొక్కడానికీ దానికి వీలుంటుంది. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఎనీడెస్క్ పేరు చెప్పి మరీ బ్యాంకులను హెచ్చరించింది. మోసగాడు ఆ యాప్ దించుకోమని నమ్మబలికి, తెర మీద కనిపించే సంఖ్య అడిగి తీసుకుని, ఆ తర్వాత అనుమతులన్నీ ఇప్పించుకుంటాడు. యాప్‌లో తప్పు లేదు, మనవరాలు వాడే దారినే దొంగ కూడా వాడుతున్నాడు. అందుకని మా ఇంట్లో ఆ యాప్ ఎప్పుడైనా పెట్టినా, పని అయిన అదే కాల్‌లో తీయించేస్తాను. మనిషి ఒప్పుకోకుండానే లోపలికి వెళ్లగలిగే శాశ్వత పాస్‌వర్డ్ మాత్రం ఎన్నడూ పెట్టను.

వ్యాఖ్యాత: చూడటం మాత్రమే అయినా, బ్యాంకు పనులు దానిలో చేయించవచ్చా?

అతిథి: నేను చేయించను. చాలా బ్యాంకు యాప్‌లు తమ తెరను షేర్ కాకుండా అడ్డుకుంటాయి, అవి తెరిస్తే నాకు నల్లటి తెర కనిపిస్తుంది. అది చెడిపోవడం కాదు, కావాలని పెట్టిన రక్షణే. ఇక ఓటీపీ సంగతి చూస్తే, ఆండ్రాయిడ్ 15 నుంచి షేరింగ్ సమయంలో అలాంటి నోటిఫికేషన్లలోని అంకెలను దాచే ఏర్పాటు ఉంది గానీ, అమ్మమ్మ వాడేది అంతకంటే పాత ఫోను, దానిలో అన్నీ కనిపిస్తాయి. అందుకే ఆమెకు ఒకటే చెప్పాను. తెర చూపించమని నా పేరుతో కాల్ వచ్చినా సరే, కట్ చేసి, తన ఫోనులో ఉన్న నా నంబరుకు తానే మామూలు కాల్ చేసి అడగాలి. ఎక్కడైనా మోసపోయామని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరును ఆమె కేలండర్ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను.

వ్యాఖ్యాత: ఇంతకీ ఆ చీరలు మళ్లీ వచ్చాయా?

అతిథి: తెర నిండా వచ్చేవి ఆ రాత్రితో పోయాయి. రెండు రోజుల తర్వాత మాత్రం పైనుంచి చిన్న నోటిఫికేషన్లుగా వచ్చాయి. అవి యాప్‌వి కాదు, ఏదో వెబ్‌సైట్ తెరిచినప్పుడు అడిగిన అనుమతికి సరేనని నొక్కడం వల్ల క్రోమ్ ద్వారా వచ్చేవి. ఆ నోటిఫికేషన్‌ను ఒత్తి పట్టుకుంటే ఎవరు పంపుతున్నారో కనిపిస్తుంది, అక్కడే ఆపేయవచ్చు. ఈసారి ఒత్తి పట్టుకోవడం తప్పు కాదని చెప్పాను. వీడియో కాల్ కలపబోతుంటే, "అక్కర్లేదులే అమ్మాయీ, సైటు పేరు కనపడింది, ఆపేశాను" అంది అమ్మమ్మ.