జీడిపప్పు యూనిట్‌లో లాభం ఎక్కడ పెరుగుతుంది?

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడి ప్రాంతంలో మన తెలుగు కుటుంబం ఒకటి చిన్న జీడిపప్పు యూనిట్ నడుపుతోందనుకుందాం. నెలకు అమ్మకం 20 లక్షల రూపాయలు. జీడిపిక్కలు, కొట్టుడు కూలి, ప్యాకింగ్ వంటి చర వ్యయాలు 17 లక్షలు పోగా మిగిలే 3 లక్షలను కాంట్రిబ్యూషన్ అంటారు. అమ్మకంలో ఇది 15 శాతం. ఇదే లాభ-పరిమాణ నిష్పత్తి. షెడ్డు అద్దె, మేస్త్రీ జీతం, అప్పు వడ్డీ కలిసి స్థిర వ్యయం 2 లక్షల 40 వేలు కనుక, చివరికి చేతికొచ్చే లాభం 60 వేలు.

యజమాని ముందు రెండు దారులున్నాయి. చిన్న షెడ్డుకు మారి స్థిర వ్యయం 45 వేలు తగ్గిస్తే లాభం లక్షా 5 వేలవుతుంది. లేదా పప్పు విరగకుండా చూసుకోవాలి. ఆవిరి పట్టిన పిక్కలను పూర్తిగా ఆరనిచ్చి, సైజుల వారీగా వేరుచేసి కొట్టిస్తే బద్దలూ ముక్కలూ తగ్గి, మంచి ధర పలికే గుండు పప్పు ఎక్కువగా దిగుతుంది. అప్పుడు అదే 20 లక్షల అమ్మకానికి తక్కువ బస్తాల పిక్కలు చాలుతాయి. దానివల్ల నిష్పత్తి 18 శాతానికి చేరితే లాభం లక్షా 20 వేలు.

అయితే రెండో దారే ఎప్పుడూ మేలని చెప్పలేము. అద్దెలో మిగిలిన 45 వేలు అమ్మకం ఎంతున్నా మిగులుతాయి. పెరిగిన 3 శాతం మాత్రం అమ్మకాన్ని బట్టే ఫలిస్తుంది. 45 వేలను 3 శాతంతో భాగిస్తే 15 లక్షలు వస్తుంది. అమ్మకం సరిగ్గా అంతే ఉంటే రెండు దారుల్లోనూ లాభం 30 వేలే. అంతకు మించితే నిష్పత్తి పెంచడం, తగ్గితే ఖర్చు కోయడం లాభసాటి. పిక్కలు దొరకని నెలల్లో అమ్మకం 10 లక్షలకు పడిపోతే మొదటి దారిలో నష్టం 45 వేలు, రెండో దారిలో 60 వేలు. కాబట్టి సీజన్ నెలల అంకెలు చూసి మురిసిపోకుండా, 12 నెలల అమ్మకాన్ని సగటు కట్టి 15 లక్షలతో పోల్చాలి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. స్థిర వ్యయం తగ్గించాలంటే ముందుగా మేస్త్రీ జీతమే కళ్లకు కనిపిస్తుంది. కానీ పిక్క ఆరిందో లేదో చూసేదీ, కోత యంత్రం బ్లేడు సరిచేయించేదీ ఆయనే. ఆయన్ని మానిపించాక పప్పు విరగడం పెరిగి నిష్పత్తి 15 నుంచి 13 శాతానికి జారితే, 20 లక్షల అమ్మకంపై నెలకు 40 వేలు పోతాయి. ఆయన జీతం అంతకన్నా తక్కువైతే ఆ పొదుపు నష్టమే. అందుకే ఖర్చు కోసిన తర్వాత రెండు మూడు నెలలపాటు బస్తాకు ఎంత గుండు పప్పు దిగుతోందో విడిగా రాసి పెట్టుకోవాలి.