లోటు 88, అయినా నిల్వలు పెరిగాయి: ఒక పట్టికను చదువుదాం

శ్రోతలందరికీ నమస్కారం. దగ్గర్లో ఒక కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి, లేకపోయినా ఫరవాలేదు, అంకెలు నెమ్మదిగా చెప్తాను. రేడియోలో పట్టిక చూపించడం కుదరదు కాబట్టి మీ చేత్తోనే రాయిద్దామని నా ఆలోచన.

మొన్న హన్మకొండలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి రిజర్వు బ్యాంకు ఇచ్చే చెల్లింపుల శేషం పట్టిక, అంటే మన దేశానికీ బయటి దేశాలకూ మధ్య ఏడాదిలో నడిచిన డబ్బు లెక్క, ప్రింటు తీసి పట్టుకొచ్చింది. 2012-13 సంవత్సరానిది. "సార్, పైన కరెంట్ ఖాతా లోటు 88 బిలియన్ డాలర్లు అని ఉంది. కింద చూస్తే నిల్వల దగ్గర మైనస్ 3.8 ఉంది. అంటే 88 పోతే మన నిల్వల్లోంచి 3.8 మాత్రమే తగ్గిందా? మిగతాది ఎవరిచ్చిన్రు?" అని అడిగింది. ప్రశ్న చాలా మంచిది, అందులో ఒక తప్పు కూడా ఉంది, ఆ తప్పు నేను చదువుకునే రోజుల్లో నేనూ చేశాను. నిల్వలు అంటే రిజర్వు బ్యాంకు దగ్గర దాచి ఉంచిన విదేశీ డబ్బు. ఆ ఏడాది అవి తగ్గలేదు, 3.8 బిలియన్లు పెరిగాయి. బిలియన్ అంటే వంద కోట్లు, ఇకమీద మాటిమాటికీ చెప్పను.

పెరిగితే మైనస్ ఎందుకు? ఈ పట్టికలో ప్లస్, మైనస్ మంచీ చెడూ చెప్పవు. బయటినుంచి మనకు రావాల్సింది జమ, మనం బయటికి ఇవ్వాల్సింది ఖర్చు, అంతే. రిజర్వు బ్యాంకు డాలర్లు కొని తన దగ్గర దాచుకుందంటే బయటి ఆస్తి ఒకటి కొన్నట్టు. పెట్రోలు కొన్నా ఖర్చే, బంగారం కొన్నా ఖర్చే, డాలరు కొన్నా ఖర్చే. అందుకే నిల్వలు పెరిగిన ఏడాది ఆ వరుసలో మైనస్ పడుతుంది. పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఈ మాట రాసే ఉంటుంది, కాకపోతే అడుగున రాసింది చదివే ఓపిక ఎవరికుంటుంది.

ఇప్పుడు రాయండి. ఆ ఏడాది మనం బయటికి అమ్మిన సరుకులు 306.6 బిలియన్లు, కొన్నవి 502.2. తేడా దాదాపు 196, ఇది సరుకుల వ్యాపారంలో లోటు. దాని కింద కంటికి కనబడని రాబడి ఉంటుంది, పాత పుస్తకాల్లో అదృశ్యాలు అంటారు: సాఫ్ట్‌వేర్ లాంటి సేవలు, బయటున్న మనవాళ్లు ఇంటికి పంపే డబ్బు, అందులోంచి మనం విదేశీయులకు కట్టే వడ్డీలు, లాభాలు తీసేయాలి. అన్నీ కలిపితే మనకు మిగిలింది 107.5. 196లోంచి అది తీసేయండి, 88 చిల్లర వస్తుంది, కచ్చితంగా చెప్తే 88.2. అదే కరెంట్ ఖాతా లోటు, అప్పటి దేశ ఆదాయంలో 4.8 శాతం.

ఈ కనబడని రాబడి దగ్గర కాస్త ఆగుదాం, ఇది మన జిల్లాల సంగతి. జగిత్యాల పక్క పల్లెనుంచి ఒకతను దుబాయి పోయి అయిదేళ్లయింది అనుకోండి. ఏడాదికి మించి అక్కడే పని చేస్తూ ఉంటున్నాడు కాబట్టి పట్టిక లెక్కలో అతను మనదేశ నివాసి కాడు, ఓటు ఇక్కడే ఉన్నా, ఇల్లు ఇక్కడే కట్టినా. అతను అమ్మకు నెలకు ముప్ఫై వేలు పంపితే అది బదిలీ, కరెంట్ ఖాతాలో జమ, తిరిగి ఇవ్వాల్సిన పని లేదు. అదే ముప్ఫై వేలు ఇక్కడి బ్యాంకులో తన ఎన్‌ఆర్‌ఐ డిపాజిట్‌లో వేసుకున్నాడనుకోండి, అదే మనిషి, అదే డబ్బు, కానీ ఇప్పుడది కరెంట్ ఖాతాలోకి రాదు, కింద అప్పులు, పెట్టుబడులు రాసే మూలధన ఖాతాలోకి పోతుంది, ఎందుకంటే అది మన బ్యాంకు అతనికి బాకీ పడ్డ సొమ్ము. రెండేళ్ల తర్వాత ఊళ్లో స్లాబు వేసేటప్పుడు అతని భార్య ఆ ఖాతాలోంచి రూపాయలు తీసింది. ఆ రోజు ఒక్క డాలరు కూడా దేశంలోకి రాలేదు, అయినా పట్టికలో రెండు గీతలు పడతాయి: డిపాజిట్ల వరుసలో ఖర్చు, బదిలీల వరుసలో జమ. బాకీ తీరిపోయి ఇంటికిచ్చిన డబ్బుగా మారింది కదా, అందుకు. కాబట్టి గల్ఫ్ డబ్బు పెరిగిందని పేపర్లో చదివినప్పుడు, ఆ పెరుగుదలలో ఎంత భాగం ఆ ఏడాది నిజంగా వచ్చింది, ఎంత పాత డిపాజిట్ల నుంచి తీసుకున్నది అని అడగాలి.

అమెరికాలో ఎమ్మెస్ చదవడానికి పోయిన పిల్లల ఫీజులు దీనికి ఎదురు వరుస: సేవల్లో ప్రయాణాల కింద మనకు ఖర్చు. మన వీధుల్లో ఆ ఖర్చు ఏ ఇంట్లో లేదు చెప్పండి.

ప్రతి లావాదేవీకి ఇలా రెండు గీతలు ఉండాలి. వరంగల్ పత్తి బేళ్లు బంగ్లాదేశ్ మిల్లుకు లక్ష డాలర్లకు అమ్మితే సరుకుల్లో లక్ష జమ. ఆ డబ్బు మన బ్యాంకుకు బయట ఉన్న ఖాతాలో పడితే అది మన బ్యాంకు సంపాదించిన విదేశీ ఆస్తి, బ్యాంకుల వరుసలో లక్ష ఖర్చు. మిల్లువాడు మూడు నెలల తర్వాత ఇస్తానంటే అది మనం వాడికిచ్చిన అప్పు, అదీ ఖర్చు వైపే. అందుకే మొత్తం పట్టిక ఎప్పుడూ సున్నాకే రావాలి. రాకపోతే, అన్ని లెక్కలూ ఒకే చోటనుంచి రావు కాబట్టి, తేడాను 'తప్పులు, వదిలేసినవి' అనే వరుసలో పెట్టి సరి చేస్తారు. ఆ ఏడాది ఆ వరుసలో 2.7 ఉంది.

ఇప్పుడు ఆ అమ్మాయి అసలు ప్రశ్న, ఎవరిచ్చారు? మూలధన ఖాతాలో నికరంగా వచ్చింది 89.3. దానికి 2.7 కలిపి లోటు 88.2 తీసేస్తే 3.8, నిల్వల్లో చేరింది. లెక్క సరిపోయింది, అందరూ ఇక్కడే పుస్తకం మూసేస్తారు, నా మట్టుకు అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది. ఆ 89లో ఫ్యాక్టరీలు, కంపెనీల్లో వాటాలుగా వచ్చి కూర్చునే పెట్టుబడి 20 మాత్రమే. షేర్లు, బాండ్లు కొనడానికి వచ్చింది 27, అది ఫోన్లో ఒక్క ఆర్డరుతో వెనక్కి పోగలిగిన డబ్బు. దిగుమతిదారులు తెచ్చుకున్న తక్కువ కాలపు వ్యాపార అప్పు దాదాపు 22, నెలల్లో కట్టాలి లేదా తిరగరాయించుకోవాలి. ఎన్‌ఆర్‌ఐ డిపాజిట్లు 15. అంటే 88 లోటును మోసిన దాంట్లో సగానికి పైగా నిలకడలేని భుజాల మీద ఉంది. లోటు పెద్దదా చిన్నదా అనేదానికంటే నన్నడిగితే ఇదే ముందు చూడాలి. పొలం కొనడానికి బ్యాంకు పదేళ్ల లోను తీసుకున్నవాడూ, అడ్తిదారు దగ్గర పంట వచ్చేదాకా చేబదులు తీసుకున్నవాడూ, ఇద్దరికీ బాకీ లక్షే కావచ్చు. అడ్తిదారు ఒక పొద్దున డబ్బులు కావాలన్నాడంటే రెండోవాడి పరిస్థితి ఏంటి?

ఆ పొద్దున 2013 మే 22న వచ్చింది. అమెరికా ఫెడరల్ రిజర్వు అధిపతి బెన్ బెర్నాంకీ తాము చేస్తున్న బాండ్ల కొనుగోళ్లు తగ్గించే అవకాశం ఉందన్నాడు. చేయలేదు, అన్నాడు అంతే. అమెరికాలో వడ్డీ పెరగబోతోందని బాండ్లలో ఉన్న విదేశీ డబ్బు మన దగ్గరనుంచి వెనక్కి మళ్లింది. మేలో 55 దగ్గర ఉన్న డాలరు ఆగస్టు 28న 68 దాటింది. లోటు ఆ మూడు నెలల్లో పుట్టింది కాదు. మోస్తున్న భుజం పక్కకు జరిగింది.

తర్వాతి ఏడాది పట్టిక పక్కన పెట్టి చూడండి. 2013-14లో లోటు 88నుంచి 32కు పడిపోయింది. ఎగుమతులు కొంచెం పెరిగాయి, 318.6, కానీ అసలు పని చేసింది దిగుమతులు తగ్గడం, అందులోనూ బంగారం: 54 దగ్గరనుంచి 29 దగ్గరకు. ఆగస్టులో సుంకం పది శాతానికి పెంచారు, తెచ్చిన బంగారంలో అయిదో వంతు తిరిగి ఎగుమతికి ఇవ్వాలన్నారు. పెళ్లిళ్లు ఆగలేదు కదా, దొంగ బంగారం పెరిగింది. దొంగ బంగారం సరుకుల వరుసలో కనబడదు, దానికి హవాలాలో కట్టే డాలర్లు బ్యాంకుకు రావాల్సిన గల్ఫ్ డబ్బులోంచి కోసుకుపోయేవి కావచ్చు, అప్పుడు రాబడి వరుస తగ్గినట్టు కనిపిస్తుంది. కాబట్టి తగ్గిన లోటంతా నిజంగా తగ్గిందే అని నేను ప్రమాణం చేయను.

లోటును మోసినవాళ్లూ మారారు. షేర్లు, బాండ్ల డబ్బు 27నుంచి 5కు పడింది. ఎన్‌ఆర్‌ఐ డిపాజిట్లు 15నుంచి ఒక్కసారిగా 39కి లేచాయి. ఇది ఊరికే జరగలేదు. సెప్టెంబరు 4న రఘురామ్ రాజన్ రిజర్వు బ్యాంకు గవర్నరుగా వచ్చిన రోజే ఒక ఏర్పాటు ప్రకటించారు: బ్యాంకులు బయటున్న మనవాళ్ల దగ్గర కనీసం మూడేళ్ల డాలర్ డిపాజిట్లు తెస్తే, ఆ డాలర్లు రిజర్వు బ్యాంకు తీసుకుని రూపాయలిస్తుంది, గడువు తీరాక అవే డాలర్లు ముందే తేల్చుకున్న రేటుకు తిరిగిస్తుంది, రూపాయి పడిపోతే వచ్చే నష్టం నుంచి బ్యాంకు కాపాడుకోవడానికి అయ్యే ఖర్చు ఏడాదికి మూడున్నర శాతమే. మార్కెట్లో అంత చవగ్గా దొరకదు. నవంబరు నెలాఖరుకి ఈ దారిలో 26 బిలియన్లు, బ్యాంకుల విదేశీ అప్పుల దారిలో ఇంకో 8 వచ్చాయి. ఆ ఏడాది నిల్వలు 15.5 పెరిగాయి, పట్టికలో మైనస్ 15.5.

ఇదంతా విని ఆ అమ్మాయి, "అయితే సార్, గండం గడిచిపోయినట్టేనా?" అంది. "మూడేళ్ల డిపాజిట్ బిడ్డా, 2013కు మూడు కలుపు" అన్నాను. రెండ్రోజులకు 2016-17 పట్టిక ప్రింటు తీసుకొచ్చింది. ఎన్‌ఆర్‌ఐ డిపాజిట్ల వరుస మీద వేలు పెట్టింది. మైనస్ 12.4.