మీ ఫార్మసీ షీట్‌లో OK అని ఉన్న మందునే ముందు అనుమానించండి!

"అన్నా, చేతిరాత స్టాక్ రిజిస్టర్ మొత్తం ఎక్సెల్‌లో ఎక్కించాం, 90 రోజుల్లోపు ఎక్స్‌పైర్ అయ్యేవి ఎర్రగా రావాలని ఫార్ములా కూడా పెట్టాం. అయినా డేట్ అయిపోయిన ఇంజెక్షన్ పక్కన OK అని చూపిస్తోంది. తప్పెక్కడుంది?"

చెప్తా. పోయిన వీడియో కింద మీరంతా రెండు పార్టీలుగా కొట్టుకున్నారు కదా, చేతిరాత వల్లే అని సగం మంది, టైప్ చేసినోళ్ల వల్లే అని సగం మంది. నా మాట వినండి, ఆ రెండూ కాదు. అసలు దొంగ ఆ OK. మీ ఫార్ములా దేన్నైనా అర్థం చేసుకోలేకపోతే వెళ్లి OK లో పడేస్తోంది. అర్థం కానిదాన్ని బాగుందని చెప్పే షీట్ ఫార్మసీలో ఉండకూడదు, అంతే!

మీరు పెట్టిన ఫార్ములా దాదాపు ఇదే అయ్యుంటుంది:

```
=IF(G2<=TODAY()+90,"RED","OK")
```

చూడ్డానికి బానే ఉంది. ఇప్పుడు రిజిస్టర్‌లో అడ్రినలిన్ లైన్ ఉంది, ఎక్స్‌పైరీ దగ్గర రాసింది 3 ఓ 8 ఓ తెలీట్లేదు, టైప్ చేసే అమ్మాయి నిజాయితీగా `3/26?` అని క్వశ్చన్ మార్క్ పెట్టింది. ఆ మార్క్ పడగానే ఎక్సెల్‌కి అది తేదీ కాదు, వట్టి అక్షరాలు. ఎక్సెల్ అక్షరాల్ని నంబర్‌తో పోలిస్తే అక్షరాలే ఎప్పుడూ పెద్దవి అంటుంది. అంటే 90 రోజుల కంటే ఎక్కువే ఉందిలే అని OK ఇచ్చేసింది. ఎవరికైతే డౌట్ వచ్చి మార్క్ పెట్టారో, సరిగ్గా ఆ లైనే సేఫ్ అని వచ్చింది! నాకు కోపం వచ్చేది ఇక్కడే.

రెండోది ఇంకా ఘోరం, ఎందుకంటే ఇందులో క్వశ్చన్ మార్క్ కూడా ఉండదు. ఈరోజు 2026 జనవరి 10 అనుకుందాం. ఒండాన్సెట్రాన్ ఇంజెక్షన్ 30 ఆంప్యూల్స్, రిజిస్టర్‌లో 11/25 అని నీట్‌గా ఉంది, అంటే 2025 నవంబర్, అంటే అయిపోయి 41 రోజులైంది. మీరు `11/25` అని ఉన్నదున్నట్టు కొట్టారు. నెల ముందు రాసే సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో ఎక్సెల్ దాన్ని ఈ సంవత్సరం నవంబర్ 25వ తారీఖు అనుకుంటుంది. ఇంకా 319 రోజులు ఉన్నాయంటుంది. OK! మీ ప్రశ్నకి జవాబు నూటికి తొంభై పాళ్లు ఇదే. దీనికి రివర్స్ కూడా జరుగుతుంది, మెట్రోనిడజోల్ 2/27 అని ఉంటే అది 2027 ఫిబ్రవరి దాకా పనికొచ్చే మందు, షీట్ మాత్రం 2026 ఫిబ్రవరి 27 అనుకుని 48 రోజులే ఉంది అని ఎర్ర రంగు కొడుతుంది. అలాంటి దొంగ ఎరుపులు నాలుగు చూశాక మనిషి నిజమైన ఎరుపుని కూడా పట్టించుకోడు.

మీ షీట్‌లో ఇది జరిగిందో లేదో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఎక్స్‌పైరీ కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి రోజు, నెల, సంవత్సరం మూడూ కనిపించే ఫార్మాట్ పెట్టండి. 25, 27, 26 అంటూ నెల మధ్యలో తారీఖులు కనిపిస్తే అవి తారీఖులు కావు, సంవత్సరాలు అక్కడ దాక్కున్నాయి. డబ్బా మీద నెల, సంవత్సరం మాత్రమే వేసిన మందుని ఆ నెల ఆఖరి రోజు దాకా వాడొచ్చు, కాబట్టి ఆ కాలమ్‌లో ఆయా నెల ఆఖరి తారీఖు తప్ప ఇంకోటి కనిపించకూడదు. డబ్బా మీదే రోజుతో సహా వేసి ఉంటే మాత్రం ఆ రోజే లెక్క, కింద చెప్పే టేబుల్‌లో E, F నింపి, ఆ తేదీని G లో నేరుగా కొట్టండి.

సరే మందేంటి అంటే, ఎక్స్‌పైరీని ఒకే గడిలో కొట్టడం ఆపేయండి. సంవత్సరం ఒక గడి, నెల ఇంకో గడి. A లో రిజిస్టర్ పేజీ నంబర్, B మందు, C బ్యాచ్, D ఎన్ని ఉన్నాయి, E లో 2026 అని నాలుగంకెలు, F లో 3 అని నెల. ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో లైన్, ఇక్కడ బద్ధకించొద్దు, అడ్రినలిన్ 20 అని కలిపి రాస్తే అందులో 8 ముందు బ్యాచ్‌వి అనే సంగతి పోతుంది. తర్వాత G, H, I లో వరసగా ఇవి:

```
=EOMONTH(DATE(E2,F2,1),0)
=G2-TODAY()
=IF(AND(E2>=2000,F2>=1,F2<=12,ISNUMBER(H2)),IF(H2<0,"EXPIRED",IF(H2<=30,"RED",IF(H2<=90,"YELLOW","OK"))),"CHECK")
```

మూడో దాని చివర చూడండి, అక్కడ OK లేదు, `CHECK` ఉంది. షీట్‌కి అర్థం కానిదేదైనా వెళ్లి CHECK లో పడుతుంది, OK రావాలంటే సంవత్సరం, నెల సరిగ్గా ఉండాలి, రోజుల లెక్క తేలాలి, 90 దాటాలి. ఇందాకటి లైన్లే మళ్లీ ఎక్కిస్తే ఒండాన్సెట్రాన్ మైనస్ 41 తో EXPIRED, మెట్రోనిడజోల్ 414 రోజులతో OK. నెల గడిలో `3?` అని ఉన్న అడ్రినలిన్ CHECK. వెళ్లి ఆంప్యూల్ చూస్తే మూడే అని తేలిందనుకోండి, 3 కొట్టగానే 80 రోజులు, YELLOW. నెల ఖాళీ వదిలేస్తే కూడా CHECK, ఇది ముఖ్యం, ఎందుకంటే ఖాళీ నెలని ఎక్సెల్ సున్నా అనుకుని రాసిన దానికి ముందు సంవత్సరం డిసెంబర్‌కి తీసుకెళ్తుంది, 2027 రాసి నెల వదిలేస్తే 2026 డిసెంబర్ అని హాయిగా OK ఇచ్చేసేది.

ఇప్పుడు సార్ట్. E, F కాలమ్‌లు మాత్రమే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టారో, సంవత్సరం, నెల కదిలి మందులు అక్కడే ఉంటాయి, ఒకరి ఎక్స్‌పైరీ ఇంకొకరి పక్కన! టేబుల్ మొత్తం తీసుకుని G ప్రకారం తక్కువ నుంచి ఎక్కువకి కొట్టండి. అప్పుడు కూడా ఒక మోసం ఉంది, E లోనో F లోనో అక్షరం పడితే G లో ఎర్రర్ వస్తుంది, ఎర్రర్ వచ్చిన లైన్లన్నీ ఎక్సెల్ అడుగుకి తోసేస్తుంది. మీరు పై పది లైన్లు చూసి అయిపోయిందనుకుంటారు, చదవలేని అడ్రినలిన్ మాత్రం నాలుగొందలో లైన్‌లో కూర్చుని ఉంటుంది. అందుకే సార్ట్ కంటే ముందు I కాలమ్‌లో CHECK ఫిల్టర్ పెట్టండి.

మధ్యలో ఒక మాట, వార్డులో మూత తీసిన వయల్స్‌కి ఈ టేబుల్ వాడకండి. చాలా ఇన్సులిన్ వయల్స్ ఓపెన్ చేశాక 28 రోజులే, డబ్బా మీద 2027 ఉన్నా సరే. వాటికి తెరిచిన తేదీతో వేరే షీట్ ఉండాలి, రెండూ కలిపితే ఇక్కడ మళ్లీ అదే దొంగ OK పుడుతుంది.

ఇక CHECK లైన్లని రిజిస్టర్ చూసి దిద్దొద్దు. ఆ రిజిస్టర్ చదవలేకే కదా అక్కడ పడ్డాయి! ఒకటి ఏడులా, సున్నా ఆరులా ఉన్న రాతని ముగ్గురు కూర్చుని ఓటింగ్ పెట్టి తేల్చుతున్నారు కొన్నిచోట్ల, అది చదవడం కాదు. షెల్ఫ్ దగ్గరికి వెళ్లండి, ఒకరు స్ట్రిప్ చేతిలో పట్టుకుని బ్యాచ్, నెల, సంవత్సరం పైకి చదవాలి, ఇంకొకరు కొట్టాలి, కొట్టింది మళ్లీ పైకి చదివి వినిపించాలి. మాన్యుఫాక్చరింగ్ డేట్‌ని ఎక్స్‌పైరీ అనుకుని రాసిన లైన్లు కూడా అక్కడే దొరుకుతాయి. స్ట్రిప్ దొరక్కపోతే ఆ లైన్ CHECK గానే ఉండనివ్వండి, ఆ బ్యాచ్ కౌంటర్ దాటకూడదు.